ఐదున్నర శాతం ఎక్కడ పోయింది?

ఈ రోజంతా ఒక్క డీఏపీ శాంపిల్‌తోనే గడిచింది. బస్తా మీద ఫాస్ఫరస్ పీ2ఓ5 లెక్కలో 46 శాతం అని ఉంది. పొద్దున వెనడేట్, మాలిబ్డేట్ కలిపి పసుపు రంగు తెప్పించి, పది నిమిషాలాగి కలరీమీటర్‌లో చూస్తే 46.1 వచ్చింది. కానీ పిపెట్ విషయంలో నాకు నా చేతి మీద అంత నమ్మకం లేదు. 10 మి.లీ. తీసేటప్పుడు 0.1 మి.లీ. తేడా పడితే చాలు, జవాబు దాదాపు అర శాతం జరిగిపోతుంది. అందుకే తూకం పద్ధతిలోనూ చేశాను.

1.000 గ్రాము ఎరువు కరిగించి, మెగ్నీషియం సల్ఫేట్ పోసి, అమోనియా మెల్లగా చుక్కలుగా వేస్తే తెల్లటి అవక్షేపం దిగింది. మెగ్నీషియం అమోనియం ఫాస్ఫేట్, ఆరు నీటి అణువులతో. మామూలు నీళ్లతో కడిగితే కొంత కరిగిపోతుంది కనుక పలచటి అమోనియాతో కడిగాను. అక్కడిదాకా బాగానే ఉంది. సాయంత్రంలోగా ముగించాలన్న తొందరలో దాన్ని 80 డిగ్రీల ఓవెన్‌లో పెట్టేశాను.

తూచితే 1.402 గ్రాములు. అవక్షేపం బరువుని పీ2ఓ5గా మార్చే 0.2892తో గుణిస్తే 40.5 శాతం! గుండె జారింది. వడపోతలో పోయిందా, పూర్తిగా దిగలేదా అని కాసేపు తల పట్టుకున్నాను. వడపోసిన నీళ్లలో మళ్లీ అమోనియా వేస్తే ఏమీ దిగలేదు.

మా సీనియర్ వచ్చి, "ఇంకో అరగంట పెట్టి మళ్లీ తూచు" అన్నారు. 1.351. తడి ఆరుతుంటే ఎక్కడో ఒకచోట బరువు ఆగాలి కదా, ఆగడం లేదు. అప్పుడు వెలిగింది. పోతున్నది తడి కాదు, స్ఫటికంలోని నీరే. 0.2892 అనే గుణకం ఆ ఆరు నీటి అణువులూ ఉన్నప్పుడే పనికొస్తుంది. ఆల్కహాల్‌తో కడిగి గది వేడిమిలో ఆరనివ్వాల్సింది.

"పారేయకు, కాల్చేయ్" అన్నారాయన. నీరు ఎంత పోయినా ఫాస్ఫరస్ అందులోనే ఉంటుందిగా! బూడిద మిగలని ఫిల్టర్ కాగితమే కాబట్టి కాగితంతో సహా క్రూసిబుల్‌లో పెట్టాను. ముందు తక్కువ వేడి మీద, గాలి బాగా తగిలేలా కాగితాన్ని కాల్చాను. ఇక్కడ తొందరపడితే కార్బన్ ఫాస్ఫేట్‌ని క్షయీకరిస్తుంది, మళ్లీ తక్కువ వస్తుంది. తర్వాత 1000 డిగ్రీలు దాటించాను. మిగిలింది తెల్లటి మెగ్నీషియం పైరోఫాస్ఫేట్, 0.718 గ్రాములు. రెండోసారి కాల్చినా అంతే. దీని గుణకం 0.6378తో గుణిస్తే 45.8 శాతం.

నోట్‌బుక్‌లో 40.5ని కొట్టేయలేదు. పక్కన "ఓవెన్, 80 డిగ్రీలు" అని రాసి ఉంచాను.