చెదల కథ: మూడో ప్రతి దాకా

మొదటి ఆదివారం

సెలవు రోజుల్లో కథలు రాసుకోవడం నాకున్న ఒకే సరదా. ఈసారి కొత్తగా పెళ్లయిన శ్రావణి, కిరణ్. విజయవాడలో గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాటులోకి మారిన నెలకే, వాన రాత్రి బీరువాలో చెదలు కనిపిస్తాయి. ఒక్క బిగిన తొమ్మిది పేజీలు రాశాను. కరెంటు పోతుంది, కిటికీలోంచి ఉసిళ్లు గుంపుగా వచ్చి బీరువా మీద వాలతాయి, తెల్లారేసరికి పట్టుచీర జల్లెడ. చాలా బాగుందనుకుని పడుకున్నాను.

సోమవారం

మా ఆవిడ చదివి ఒకటే అడిగింది: "కరెంటు పోతే దీపం కోసం వచ్చే ఉసిళ్లు ఎందుకు వస్తాయి?"

అది ఒక్కటే కాదు, మొదలంటా తప్పే. ఉసిళ్లంటే రెక్కలొచ్చిన చెదలే, కానీ అవి చెక్కను తినడానికి రావు. తొలకరి వానలకు పాత పుట్ట వదిలి, జతకట్టి, కొత్త పుట్ట పెట్టుకోవడానికి ఎగురుతాయి. కొరికేవి రెక్కలు లేని తెల్లటి కూలి చెదలు. అవి వెలుతురులోకి రావు, మట్టి గొట్టంలోనే తిరుగుతాయి. పైగా ఒక పుట్ట ఉసిళ్లను పంపే స్థితికి రావడానికి కొన్నేళ్లు పడుతుంది. అంటే ఈ కథలో చెదలు ఆ రాత్రి వచ్చినవి కావు, వీళ్లకంటే ముందునుంచీ ఆ ఇంట్లో కాపురమున్నవి.

ఇది తెలిశాక కథ మారింది. మూసి ఉన్న బీరువా తెరిస్తే అట్టడుగు అరలో రాలిన రెక్కలు కనిపించాలి. కిటికీ వేసి ఉంది, తలుపు వేసి ఉంది, రెక్కలు మాత్రం లోపల! చీమల రెక్కలేమో అని కిరణ్ అంటాడు. శ్రావణి ఒకదాన్ని వేలిమీద పెట్టి చూస్తుంది. చీమకు ముందు రెక్కలు పెద్దవి, వెనకవి చిన్నవి. ఇక్కడ నాలుగూ ఒకే పొడవు.

రెండో ఆదివారం

రెండో ప్రతిలో కిరణ్ చేత వీరత్వం చేయించాను. బీరువా వెనక పలక ఊడదీస్తాడు. స్నానాలగది గోడవైపు పెన్సిలంత లావు మట్టి గొట్టం పైకి పాకి ఉంటుంది. ఆ గోడలో నీళ్ల గొట్టం ఉండటం వల్ల ఎప్పుడూ చెమ్మే. అతను చీపురుతో అంతా దులిపి, దోమల మందు కొట్టి, చేతులు కడుక్కుని వస్తాడు. కథ కంచికి.

చెదల మందు పని చేసే మిత్రుడికి చదివి వినిపిస్తే తల పట్టుకున్నాడు. కనబడ్డవి చచ్చిపోతాయి, మిగిలినవి దారి మార్చి పక్క గదిలో తేలతాయి, పుట్ట మాత్రం నేలలో చెక్కుచెదరదు. తాము వచ్చేసరికి గొట్టం అలాగే ఉంటే ఎక్కడినుంచి ఎక్కుతున్నాయో తెలుస్తుందట. తరవాత నేల, గోడ కలిసే చోట అడుగుకొకటి చొప్పున సన్నని రంధ్రాలు చేసి, నీళ్లలో కలిపిన మందు నింపి, సిమెంటుతో మూస్తారు. ఈ వివరాన్ని కథలో ఒక్క వాక్యానికే పరిమితం చేశాను. కథ రాత్రిది, మందుది కాదు.

అయితే ఆ రాత్రి వాళ్లేం చేయాలి? బట్టలు తీసి దులిపి మంచం మీద వేయాలి, మిగతాది ముట్టుకోకూడదు. అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. ఏమీ చేయని రాత్రిని ఎలా రాయాలి?

మూడో శనివారం

దొరికింది. స్క్రూడ్రైవరు పిడితో పలకను తడుతూ పోతే ఒక చోట మోత డొల్లగా మారుతుంది. కిరణ్ చెవి ఆనిస్తాడు. లోపల సన్నగా టకటక. కదిలిస్తే సైనిక చెదలు తలలను కొట్టి మిగతావాటిని హెచ్చరిస్తాయి, ఆ చప్పుడు.

"వాన చినుకులు కాదూ?" అంది శ్రావణి.

"వాన ఆగి పావుగంటయింది" అన్నాడు కిరణ్.

ఈ రెండు మాటలు మొదటి ప్రతిలోని తొమ్మిది పేజీల కంటే నయం. "ఏవండీ" తీసేశాను. ఈ వయసు జంట పేర్లతోనే పిలుచుకుంటారని మా ఆవిడ పట్టుబట్టింది.

ముగింపు కూడా మిత్రుడి మాటలోంచే పుట్టింది. చెదలు ఇంకా ఉన్నాయో, వదిలి పోయాయో తెలియాలంటే గొట్టంలో చిన్న ముక్క మాత్రం విరిచి చూడమన్నాడు. కిరణ్ పడుకోబోయే ముందు రెండంగుళాలు విరుస్తాడు. ఇద్దరూ బట్టల కుప్ప పక్కన నేలమీదే పడుకుంటారు. తెల్లవారి టార్చి వేసి చూస్తే ఆ ఖాళీ పూడిపోయి ఉంటుంది. పాత గొట్టం ఎండి బూడిదరంగులో ఉంటే, రెండంగుళాల మేర మట్టి మాత్రం తడిగా, నల్లగా ఉంటుంది.

ప్రస్తుతం ఆరు పేజీలు. పట్టుచీరను బతికించాను.