పాత దండలో అంబర్ ఏది, పగడం ఏది, ప్లాస్టిక్ ఏది: నా అనుభవం

పాత దండ కనిపిస్తే అందరూ అడిగేది ఒకటే, "ఇది అసలుదా, నకిలీదా?" అని. దండ మొత్తానికి ఒకే జవాబు ఉంటుందనుకోవడంలోనే ఉంది తిరకాసు. దారం తెగిన ప్రతిసారీ ఎవరో ఒకరు మళ్లీ గుచ్చి ఉంటారు, పోయిన పూసల బదులు అప్పటికి చేతికి దొరికినవి కలిపేసి ఉంటారు. నాకు వచ్చిన దండలో తేనె రంగు పూసలు, వాటి మధ్యమధ్యలో ఎర్రవి ఉన్నాయి. ఇంట్లో వాటిని అంబర్, పగడాలు అనే చెప్పుకునేవాళ్లు. అంబర్ అంటే ఏ కాలం నాటిదో చెట్టు జిగురు గట్టిపడి రాయిలా మారినది. నేను మాత్రం ఏ పూసకు ఆ పూసనే విడిగా చూడాలనుకున్నాను.

ముందు దండను పరిచి ఫోటో తీసుకుని, తర్వాత దారం కత్తిరించాను. దారంతో ఉండగా నీళ్ల పరీక్ష చేస్తే ఫలితాన్ని నమ్మలేం. కొక్కెం బరువు పూసల్ని కిందికి లాగేస్తుంది, దారం నీళ్లు పీల్చుకుంటుంది.

పదింతలు పెద్దగా చూపించే చిన్న భూతద్దంతో మొదట చూసింది పూసల బెజ్జాలనే. అంబర్ పెళుసు పదార్థం, కాబట్టి దారం రాసుకునే చోట అంచు చిన్న చిన్న పెచ్చులుగా లేచి ఉండటం మామూలే. అచ్చులో పోసిన ప్లాస్టిక్ పూసకైతే నడుమ చుట్టూ సన్నటి అతుకు గీత కనిపించవచ్చు. గీత కనిపిస్తే అనుమానం తీరినట్టే, కనిపించకపోతే మాత్రం ఏమీ తేలినట్టు కాదు, ఎందుకంటే పాత ప్లాస్టిక్ పూసల్లో కడ్డీల నుంచి కోసి, నున్నగా చెక్కి, బెజ్జం వేసినవి చాలానే ఉంటాయి.

బట్టకు రుద్ది కాగితం ముక్కల్ని లాగుతుందా అని చూడమనే సలహా ఎప్పటి నుంచో ఉంది. అంబర్ లాగుతుంది, నిజమే. కానీ చాలా ప్లాస్టిక్‌లు కూడా లాగుతాయి, ఇక దాంతో తేలేదేముంది? కాల్చిన సూదితో గుచ్చి వాసన చూడమనేది ఇంకో సలహా, దాని జోలికి నేను పోలేదు. పూసకు మచ్చ పడుతుంది, పైగా అది సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ అయితే భగ్గుమని అంటుకుంటుంది.

అంబర్ విషయంలో అన్నిటికంటే పనికొచ్చింది ఉప్పునీళ్ల పరీక్ష, కాకపోతే ఉప్పు కొలత సరిగ్గా ఉండాలి. అంబర్ సాంద్రత 1.05 నుంచి 1.10 వరకు ఉంటుంది, అంటే మంచినీళ్లలో మునిగి తగినంత ఉప్పు పడ్డాక తేలుతుంది. 250 మిల్లీలీటర్ల నీళ్లలో 50 గ్రాముల ఉప్పు పూర్తిగా కరిగిస్తే ఆ నీళ్ల సాంద్రత సుమారు 1.12 అవుతుంది. "కరిగినంత ఉప్పు వెయ్యండి" అని చెప్పేవాళ్ల మాట వింటే నీళ్లు 1.20 దాకా వెళ్తాయి, అప్పుడు 1.18 ఉండే యాక్రిలిక్ పూస కూడా పైకి తేలి అంబర్‌లా నటిస్తుంది. టెన్షన్ పెట్టే ఇంకో విషయం గాలి బుడగ. బెజ్జంలో గాలి చిక్కుకుంటే మునగాల్సిన పూస కూడా తేలుతుంది, అందుకే ప్రతి పూసనీ నీళ్లలోనే పుల్లతో తట్టి, బెజ్జం లోపలికి నీళ్లు పోయాకే వదిలాను.

పెద్ద పెద్ద పూసలు, అంటే దండలో అందరి కళ్లూ పడేవి, గ్లాసు అడుక్కి చేరిపోయాయి. వాటిలో ఒకదాన్ని కడిగి, వేడినీళ్లలో కాసేపు ఉంచి వెంటనే ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆసుపత్రి ఫినాయిల్‌ని గుర్తుచేసే ఘాటు వాసన వచ్చింది. బేకలైట్ తరహా ఫినాలిక్ ప్లాస్టిక్‌కి ఆ వాసన ఉంటుంది, సాంద్రత కూడా 1.25 పైనే కాబట్టి మునగడానికీ వాసనకీ లెక్క సరిపోయింది. బేకలైట్‌కి పేటెంటు వచ్చింది 1909లో, కాబట్టి ఈ పూసలు అంతకంటే పాతవి కావని కూడా తేలింది.

ఓ మూలన ఉన్న చిన్న పూసలేమో తేలాయి. తేలితే అంబర్ కావచ్చు అంతే, అవ్వాలనేం లేదు. పాలిస్టైరీన్ ప్లాస్టిక్ కూడా తేలుతుంది, అంబర్ అంత వయసు లేని చెట్టు జిగురు, అంటే కోపల్ కూడా తేలుతుంది. వీటిని విడదీయడానికి దూది పుల్లను అసిటోన్‌లో ముంచి, దారం కింద కనపడకుండా పోయే బెజ్జం అంచు మీద మాత్రం కొద్ది సెకన్లు అద్దాను. పాలిస్టైరీన్ కరుగుతుంది, కోపల్ వేలికి అంటుకునేలా జిగటగా మారుతుంది, అంబర్‌కి అంత కొద్దిసేపట్లో పెద్దగా ఏమీ కాదు. నెయిల్ పాలిష్ రిమూవర్ వాడేవాళ్లు సీసా మీద చదువుకోండి, అసిటోన్ లేనివి కూడా ఉన్నాయి. నా చిన్న పూసల్లో ఒకటి మెత్తబడి దూదికి అంటుకుంది, మిగతావి చెక్కుచెదరలేదు. ఆ మిగిలినవి సహజమైన అంబర్ ముక్కలా, లేక అంబర్ పొడీ ముక్కలూ వేడి చేసి ఒత్తి చేసినవా అనేది ఇంట్లో కచ్చితంగా తేల్చే దారి నాకు లేదు, అది ల్యాబ్ పని.

ఇక ఎర్ర పూసలు. పగడం అంటే క్యాల్షియం కార్బొనేట్, సాంద్రత సుమారు 2.65, ప్లాస్టిక్ కంటే దాదాపు రెట్టింపు బరువు. 0.01 గ్రాము చూపించే కాటా మీద నీళ్ల కప్పు పెట్టి, సున్నాకి తెచ్చి, దారానికి కట్టిన పూసను నీళ్లలో అడుక్కి తగలకుండా వేలాడదీస్తే అప్పుడు కాటా చూపించే గ్రాములే ఆ పూస పరిమాణం, మిల్లీలీటర్లలో. పొడిగా తూచిన బరువును దాంతో భాగిస్తే సాంద్రత వస్తుంది. ఒక్క పూస 1.06 గ్రాములుండి కాటా 0.40 చూపిస్తే 2.65 వస్తుంది గానీ, కాటా ఒక్క గీత అటూఇటూ అయినా 2.59 నుంచి 2.72 దాకా మారిపోతుంది. మామూలు గాజు 2.5 దగ్గర ఉంటుంది కాబట్టి ఈ తేడా ఇబ్బందే. అందుకే ఒకేలా కనిపించే పూసల్ని కలిపి తూచాను. కలిపితే 10.62 గ్రాములు, నీళ్లలో 4.01, అంటే 2.65. రెండు పూసలు మాత్రం 1.3 దగ్గరే ఆగిపోయాయి, అవి ప్లాస్టిక్.

అయితే బరువు సరిపోయినంత మాత్రాన పగడం ఖాయం కాదు. తెల్లటి వెదురు పగడానికి ఎర్ర రంగు వేసి అమ్ముతారు, దానిదీ క్యాల్షియం కార్బొనేటే, వెనిగర్ చుక్క వేస్తే రెండూ బుడగలు వదులుతాయి. పైగా పగడం మెరుపు ఆమ్లానికి పోతుంది, అందుకే ఆ చుక్క నేను వేయలేదు. దాని బదులు భూతద్దం కింద గీతలు చూశాను. మంచి పగడానికి పొడవునా చాలా సన్నటి గీతలు, దగ్గర దగ్గరగా, ఒకదానికొకటి సమాంతరంగా సాగుతాయి. వెదురు పగడానికి గీతలు మొరటుగా, భూతద్దం లేకుండానే కనిపించేంత ఎడంగా ఉంటాయి, పగుళ్లలోనూ బెజ్జంలోనూ రంగు చిక్కగా పేరుకుని ఉంటుంది. నావాటిలో మూడు అలాంటివే. వాటి బెజ్జం దగ్గర అసిటోన్ దూది అద్దితే దూది గులాబీ రంగుకు తిరిగింది. రంగు పైకి రాకుండా జిగురుతో కప్పేసిన పూసలూ ఉంటాయి కాబట్టి దూది తెల్లగా ఉంటే సంబరపడకండి, గీతల్నే నమ్మండి.

ఉప్పు ఎండిపోతే పూస మీద తెల్లగా పేరుకుంటుంది, అందుకని అన్నిటినీ మంచినీళ్లలో కడిగి నీడలో ఆరబెట్టాను. తర్వాత పూసకూ పూసకూ మధ్య ముడి వేసి మళ్లీ గుచ్చాను, బేకలైట్ పూసల్ని పాత చోట్లోనే ఉంచి. మెత్తబడిన ఆ పూసా, 1.3 వచ్చిన రెండూ, రంగేసిన మూడూ ఓ చిన్న డబ్బాలో పెట్టి ఏది ఏదో చీటీ రాసి ఉంచాను.