ట్యాంకు క్లీనింగ్ నోటీసు: నీళ్లు ఎప్పుడు ఆగుతాయో, ఎప్పుడు వస్తాయో లెక్కగట్టిన తీరు

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ బాధ్యత నా నెత్తిన పడ్డాక వచ్చిన మొదటి పెద్ద పని వాటర్ ట్యాంకుల క్లీనింగ్. ఫైల్లో పాత నోటీసు వెతికి చూశాను. "రేపు ట్యాంకు శుభ్రం చేయబడును, నీళ్లు రావు, సహకరించగలరు" అని ఉంది, అంతే. ఎన్నింటికి ఆపుతారో, ఎన్నింటికి వదులుతారో లేదు. అలాంటి నోటీసు చూసిన ఎవరైనా ముందు రోజు రాత్రే ఉన్న బకెట్లన్నీ నింపేస్తారు, తెల్లారేసరికి ట్యాంకు అడుగంటుతుంది.

క్లీనింగ్ కాంట్రాక్టర్‌ని టైమ్ అడిగితే "మూడు గంటలు మేడమ్" అన్నాడు. ఆ మూడు గంటలు దేనికని గుచ్చి అడిగితే, ట్యాంకు లోపల పనికి అని తేలింది. ఖాళీ చేసే టైమ్, మళ్లీ నింపే టైమ్ అందులో లేవు. ఇంట్లో వాళ్లకు కావాల్సింది మాత్రం కుళాయిలో ధార ఎప్పుడు ఆగుతుంది, ఎప్పుడు మొదలవుతుంది అన్నదే. అందుకని లెక్క నేనే వేసుకున్నాను.

ముందు సంప్, తర్వాత పైట్యాంకు అని వరస పెట్టుకున్నాం. సంప్ కడుగుతున్నంతసేపూ పైట్యాంకులో ఉన్న నీళ్లతో ఇళ్లలో పని గడుస్తుంది. పైట్యాంకు కడిగే వేళకు కింద శుభ్రమైన నీళ్లు సిద్ధంగా ఉంటాయి. ఈ వరస తిప్పితే కడిగిన పైట్యాంకులోకి మురికి సంప్ నీళ్లే ఎక్కుతాయి. కాబట్టి శనివారం సంప్, ఆదివారం పైట్యాంకు.

ఇక మోటారు. దాని రేకు మీద రాసి ఉన్న అంకెను నమ్మలేదు. మా పైట్యాంకు 20,000 లీటర్లది, అడుగు వైశాల్యం 10 చదరపు మీటర్లు. అంటే మట్టం 10 సెంటీమీటర్లు పెరిగితే వెయ్యి లీటర్లు చేరినట్టు. రాత్రి అందరూ పడుకున్నాక, వాచ్‌మన్ టార్చ్ పట్టుకుంటే, కర్రకు టేపు అంటించి కొలిచాను. అరగంటకు 40 సెంటీమీటర్లు పెరిగింది. గంటకు 8,000 లీటర్లన్నమాట. ట్యాంకు పూర్తిగా నిండాలంటే రెండున్నర గంటలు, సగం నిండడానికి గంటంబావు. సగం నిండాక సప్లై వదిలితే చాలని ప్లంబర్ చెప్పాడు. అడుగున కొద్దిగా ఉన్నప్పుడే వదిలితే అందరూ ఒకేసారి కుళాయిలు తిప్పి, పది నిమిషాల్లో మళ్లీ ఖాళీ చేసేస్తారట.

దాంతో ఆదివారం లెక్క కుదిరింది. ఉదయం ఆరున్నరకే మోటారు ఆపేస్తే, వాడకంతోనే పది గంటలకు ట్యాంకులో ఒక అడుగు ఎత్తు నీళ్లు మిగులుతాయి. మూడు వేల లీటర్లు మాత్రమే పారబోయాలి. అప్పుడు అవుట్‌లెట్ వాల్వు మూసి, మిగిలింది డ్రెయిన్ వాల్వు నుంచి వదలడానికి ముప్పావు గంట. తర్వాత బురద తీసి, గోడలు రుద్దడం, క్లోరిన్ ద్రావణం కొట్టి అరగంట వదిలేయడం, కడిగి పారబోయడం, అన్నీ కలిపి మూడు గంటలు. ఒకటి ముప్పావుకు మోటారు వేస్తే మూడింటికి సగం ట్యాంకు. ఇంకో గంట చేతిలో ఉంచుకుని నోటీసులో నాలుగు అని రాశాను. చెప్పిన టైమ్ కన్నా ముందే నీళ్లొస్తే ఎవరూ ఫోన్ చేసి తిట్టరు.

చివరికి లిఫ్ట్ పక్కన అంటించిన నోటీసు ఇది:

"శనివారం ఉదయం 9 నుంచి సెల్లార్‌లో సంప్ శుభ్రం చేస్తారు. నీళ్లు మామూలుగానే వస్తాయి. సంప్ మూతలు తెరిచి ఉంటాయి కాబట్టి పిల్లలను సెల్లార్‌లోకి పంపవద్దు. మూతల దగ్గరున్న కార్లు శుక్రవారం రాత్రికే తీయగలరు.

ఆదివారం ఉదయం 10 నుంచి సాయంత్రం 4 వరకు నీళ్లు రావు. పది లోపు స్నానాలు, బట్టలు ముగించుకుని, తాగడానికి, వంటకు, బాత్రూమ్‌కు సరిపడా మాత్రమే పట్టుకోండి.

పది గంటలకు గీజర్ స్విచ్ ఆపండి. వాటర్ ప్యూరిఫైయర్, వాషింగ్ మెషీన్‌లకు వెళ్లే కుళాయిలు మూయండి. ఇల్లు వదిలి వెళ్లేవాళ్లు అన్ని కుళాయిలూ మూసి ఉన్నాయో లేదో చూసుకోండి.

నీళ్లు వచ్చాక ముందు బాత్రూమ్‌లో కింది కుళాయి తిప్పి, తేటగా వచ్చేదాకా వదలండి. ఆ తర్వాతే గీజర్, ప్యూరిఫైయర్ వాడండి."

ప్యూరిఫైయర్ సంగతి ఎందుకని కొందరు అడిగారు. ఖాళీ అయిన పైపుల్లో అడుగున పట్టి ఉన్న మడ్డి, సప్లై వదలగానే కదిలి వస్తుంది. అది నేరుగా ఫిల్టర్లోకి పోయి మూసుకుపోతుంది. కడిగిన నీళ్లలో క్లోరిన్ ఎక్కువగా మిగిలిపోతే ఆర్‌ఓ మెంబ్రేన్‌కూ చెరుపే. గీజర్‌లో నీళ్లు లేకుండా స్విచ్ వేస్తే కాయిల్ మాడిపోతుంది.

శనివారం పనివాళ్లు మూత తీసీ తీయగానే సంప్‌లోకి దిగబోయారు. నేను ఒప్పుకోలేదు. మూసి ఉన్న సంప్‌లో గాలి చాలకపోవచ్చు, విషవాయువులు ఉండొచ్చు. దిగినవాడు పడిపోతే, కాపాడబోయి రెండోవాడూ పడిపోతాడు. రెండు మూతలూ తెరిచి, బ్లోయర్‌తో చాలాసేపు గాలి కొట్టించి, కాంట్రాక్టర్ తన గ్యాస్ మీటర్‌ను తాడు కట్టి కిందికి దింపి చూశాకే ఒకతన్ని పంపించాం. అతని నడుముకు తాడు, పైన ఆ తాడు పట్టుకుని ఒకరు. మోటారు ఫ్యూజు పీకి నా దగ్గరే ఉంచుకున్నాను.

ఆదివారం ఇంకో పేచీ వచ్చింది. కుర్రాడొకడు బ్లీచింగ్ పౌడర్ గుప్పెళ్లతో ట్యాంకులో చల్లబోయాడు. అలా చల్లితే మూలల్లో ఉండలు కట్టి, రెండు రోజులు నీళ్లు ఘాటు వాసనేస్తాయి. వంద లీటర్ల నీళ్లకు 60 గ్రాముల తాజా పౌడర్ చాలు. గోడలకు కొట్టడానికి కావాల్సినంత బలం, లీటరుకు 200 మిల్లీగ్రాముల క్లోరిన్, దాంతో వస్తుంది. బకెట్లో కలిపి, సున్నం అడుగుకు చేరాక పైతేట మాత్రమే వంపుకుని స్ప్రేయర్‌తో గోడలకు కొట్టించాను. మూలన యాసిడ్ సీసా కనబడితే అక్కణ్నుంచి తీయించేశాను. బ్లీచింగ్‌తో యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, ట్యాంకులో ఉన్నవాళ్ల ప్రాణం మీదికొస్తుంది.

తాళం వేసి ఉన్న ఫ్లాట్ల వాల్వులు డక్ట్‌లో మూయించాక, మూడుంబావుకు సప్లై వదిలాం. కాసేపటికి పై అంతస్తు పెద్దావిడ ఫోన్ చేశారు. "అమ్మా, నీళ్లు పాలలా తెల్లగా వస్తున్నాయి, బ్లీచింగ్ ఎక్కువేశారా?" పైకి వెళ్లి గాజు గ్లాసులో పట్టి గట్టు మీద పెట్టాను. అడుగు నుంచి పైకి నెమ్మదిగా తేటపడింది. అంటే అది పైపుల్లో చిక్కుకున్న గాలి, బుడగలు పైకి తేలిపోతున్నాయి. మడ్డి అయితే కిందికి దిగేది. కుళాయిలన్నీ ఒక్క నిమిషం తిప్పి ఉంచితే ఉమ్మడం ఆగి, ధార సరిగ్గా వచ్చింది. అక్కడే టెస్ట్ కిట్‌తో క్లోరిన్ చూస్తే లీటరుకు 0.5 మిల్లీగ్రాముల లోపే ఉంది.

నాలుగింటికి గ్రూపులో పెట్టిన మెసేజ్: "సప్లై ఇచ్చాం. నీళ్లు తెల్లగా ఉంటే గ్లాసులో పట్టి చూడండి, పైకి తేటపడితే గాలే. గోధుమ రంగు పది నిమిషాలకూ పోకపోతే నాకు ఫోన్ చేయండి."