ఎకరంన్నర వరికి ఎరువుల లెక్క: నా అనుభవం

నిన్న సాయంత్రమే ఎరువులు ఇంటికి చేరాయి. మాది ఎకరం 20 గుంటల వరి పొలం. భూసార పరీక్ష కాగితంలో హెక్టారుకు నత్రజని 120, భాస్వరం 60, పొటాష్ 40 కిలోలు వేయమని ఉంది. మా ఊళ్లో హెక్టార్లలో మాట్లాడే మనిషే లేడు. ఎకరాలకు మార్చి రాసివ్వమని అడిగితే "మీరే లెక్కేసుకోండి" అని పంపేశారు. రైతు చేతికిచ్చే కాగితం మీద ఎకరం లెక్క రాయడానికి ఏం బరువో నాకర్థం కాలేదు.

హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు, కాబట్టి మా పొలం 0.6 హెక్టారు. ఆ లెక్కన నత్రజని 72, భాస్వరం 36, పొటాష్ 24 కిలోలు కావాలి. ఇంతవరకు తేలికే.

యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్లు కదా అని 72ని 0.46తో భాగించాను. 156 కిలోలు వచ్చింది. సంచి 45 కిలోలు కాబట్టి నాలుగు సంచులు రాసుకుని షాపుకు వెళ్లాను. వేలిముద్ర కోసం లైన్లో ఇరవై మంది ఉన్నారు. షాపాయన నా కాగితం లాక్కుని అందరికీ వినపడేలా చదివాడు. "ఇంత చదివి, ఎకరంన్నరకు నాలుగు సంచులా?" అన్నాడు. అందరూ నావైపే చూశారు. తప్పెక్కడో మాత్రం ఆయన చెప్పలేదు.

నా వెనకున్న పెద్దాయన డీఏపీ సంచి మీద వేలు పెట్టి చూపించాడు. "18-46 అని ఉంది చూడు బిడ్డా. 46 భాస్వరం. మరి ఆ 18 ఏంది?" అన్నాడు.

అది నత్రజని. లెక్క యూరియాతో కాదు, డీఏపీతో మొదలుపెట్టాలి. అక్కడే గట్టు మీద కూర్చుని మళ్లీ వేశాను. 36ని 0.46తో భాగిస్తే డీఏపీ 78 కిలోలు. అందులోనే 14 కిలోల నత్రజని వచ్చేస్తుంది. 72లో అది తీసేస్తే 58 మిగులుతుంది, దానికి యూరియా 126 కిలోలు. అంటే మూడు సంచుల్లో ఇంకా తొమ్మిది కిలోలు మిగులుతుంది. పొటాష్ సంచి మీద 60 ఉంటుంది, 24ని 0.6తో భాగిస్తే 40 కిలోలు.

నిరుడు ఇదే పొరపాటుతో 30 కిలోల యూరియా ఎక్కువ పడింది. పైరు నల్లగా ఏపుగా పెరిగితే సంబరపడ్డాను. ఈనిక తర్వాత గాలివానకు మూలమడి మొత్తం పడిపోయింది. కారణం నాకు నిన్నటిదాకా తెలియదు.

ఇంకో మాట. యూరియాను మూడు సమాన భాగాలు చేయకండి. సమానంగా పంచాల్సింది నత్రజనిని, దఫాకు 24 కిలోలు. దమ్ములో డీఏపీతోనే 14 పడుతుంది కాబట్టి అప్పుడు యూరియా 22 కిలోలు చాలు. పిలకలప్పుడు 52, అంకురం దశలో 52. మొదటి దఫా రేపు పొద్దున్నే వేస్తున్నాను, తూకం వేసి గోనెసంచిలో కట్టి పెట్టాను.