ఎదురుగాలిలో హంస

సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు ఆటల మైదానం గురించో, వార్షికోత్సవం నాటకం గురించో రాద్దామనుకున్నాను. తీరా కాగితం ముందు కూర్చుంటే గుర్తుకొచ్చింది ఒక ఎర్రసిరా గీత. "ఈ శ్లోకంలో కవి ప్రకృతిని రమణీయంగా వర్ణించాడు" అని నోటుపుస్తకంలో నేను రాసుకున్న వాక్యాన్ని సంస్కృతం మాస్టారు అడ్డంగా కొట్టేసి, పక్కన రెండే మాటలు రాశారు: "ఏ దిక్కు?"

మేం చదువుతున్నది వేదాంతదేశికుల హంససందేశం. పాఠ్యపుస్తకంలో ఉన్నది కాదు. పరీక్షల పాఠాలు ముందే అయిపోవడంతో మిగిలిన రోజుల్లో సరదాగా చెబుతానని ఆయనే మొదలుపెట్టారు. రెండు ఆశ్వాసాలు, 110 శ్లోకాలు, అన్నీ మందాక్రాంత వృత్తమే. మేం చదివింది పాతిక శ్లోకాలు కూడా ఉండవు. కథ మాత్రం మొదటి రోజే అర్థమైపోయింది: లంకలో ఉన్న సీతకు రాముడు ఒక హంసతో కబురు పంపుతాడు.

అర్థమైపోయిందని మేం అనుకున్నాం. మొదటి శ్లోకంలోనే "ప్రత్యాయాతే పవనతనయే" అని ఉంది. అంటే హనుమంతుడు అప్పటికే లంకకు వెళ్లి, సీతను చూసి, తిరిగి వచ్చేశాడు. ఆవిడ ఎక్కడుందో తెలిసింది. తెల్లవారితే సైన్యం బయలుదేరాలి. ఆ రాత్రి మాత్రం రాముడికి ఒక కల్పమంత పొడవైంది. ఇక్కడ మా వెనక బెంచీ మిత్రుడు లేచి, "వార్త తెలిసిపోయాక మళ్లీ పక్షి ఎందుకండీ?" అని అడిగాడు. అల్లరికే అడిగాడనుకుంటాను. మాస్టారు మాత్రం పుస్తకం మూసేసి, "ఇదే అసలు ప్రశ్న. జవాబు ఐదో శ్లోకంలో ఉంది. అక్కడిదాకా మీరే వెతుక్కుంటూ రండి" అన్నారు.

రెండో శ్లోకంలో రాముడు తామరకొలనులో ఒక రాజహంసను చూస్తాడు. దానికి కవి వేసిన విశేషణం "కాలోపయాతం", అంటే కాలానికి వచ్చినది. ఆ ఒక్క మాట దగ్గర మాస్టారు మమ్మల్ని గంటసేపు ఆపేశారు. మేఘసందేశంలో కాళిదాసు యక్షుడు దూరంగా ఉన్న భార్య దగ్గరికి కబురుతో పంపింది వానకారు మబ్బును. ఆ మబ్బుతో పాటు హంసలు తామరతూళ్ల ముక్కలు దారిబత్తెంగా పట్టుకుని ఉత్తరాన కైలాసం దాకా తోడు వెళతాయి. వాన వస్తే హంసలు మానససరోవరానికి వెళ్లిపోతాయని, శరత్తులో తిరిగి వస్తాయని కవుల లెక్క. దేశికులు ఆ లెక్కను తిరగేశారు. వానలు వెలిశాయి, హంసలు దిగివచ్చాయి, రాముడి ప్రియురాలు దక్షిణాన ఉంది. కాళిదాసు మబ్బు ఉత్తరానికి పోతే ఈ పక్షి దక్షిణానికి పోతుంది. తలమీద రెండు నల్లని అడ్డచారలుండే ఒక జాతి బాతులు నిజంగానే హిమాలయాలు దాటి చలికాలానికి దక్షిణాదికి వస్తాయి. కవుల హంస అదేనని కొందరంటారు. కావచ్చు. ఆ బాతు పాలూ నీళ్లూ వేరుచేస్తుందని మాత్రం ఎవరూ రుజువు చేయలేదు.

మూడో శ్లోకం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. ఆ పక్షి నడక సీత నడకలా ఉంది. దాని ఒళ్లు ఆవిడ పట్టుచీర మీది హంస గుర్తులా ఉంది. దాని కూత ఆవిడ అందెల చప్పుడులా ఉంది. రాముడు రెప్పవేయకుండా చూస్తూ కాసేపు తనను తాను మరిచిపోయాడు. హనుమంతుడు ఎంత మంచి వార్త తెచ్చినా, అతన్ని చూస్తే సీత కనిపించదు కదా!

అలా ఐదో శ్లోకానికి వచ్చాం. "కృత్వా తస్మిన్ బహుమతిమసౌ భూయసీమాంజనేయాత్". ఆంజనేయుడికంటే ఎక్కువ గౌరవం ఆ పక్షికి చేశాడట, అదీ కబుర్లంటే ఏమిటో తెలియని పక్షికి. వెంటనే కవి సర్దిచెబుతాడు: ఎడబాటుతో మనసు కలతపడ్డవాళ్లు మబ్బునీ కొండనీ చెట్టునీ కూడా దీనంగా వేడుకుంటారు, ఇక ప్రాణమున్నదాని మాట చెప్పాలా! మబ్బు అనడంలో కాళిదాసు వైపు ఓ చిన్న చిరునవ్వు ఉంది. హనుమంతుణ్ని తక్కువ చేయడం నాకు అప్పట్లో నచ్చలేదు. మాస్టారు "కంగారు పడకు, దారి చెప్పే చోట మళ్లీ వస్తాడు" అన్నారు.

నిజంగానే వచ్చాడు. లంకకు రెండు దారులున్నాయని హనుమంతుడు నాకు బాగా వర్ణించి చెప్పాడు అంటాడు రాముడు. సహ్యపర్వతం పక్కనుంచి వెళ్లే పడమటి దారిలో ఎప్పుడూ వానలే, అది నీకు పడదు. తూర్పు దారిన వెళ్లు. అక్కడ అడుగడుగునా వింతలుంటాయి, నా కోసం చూపు మళ్లించుకో. పక్షికి దారి ఎంచేటప్పుడు దాని స్వభావం చూశాడు, దారి వివరం మాత్రం హనుమంతుడిదే. అంజనాద్రి, కంచి, కావేరి, శ్రీరంగం అన్నీ ఆ తూర్పు దారిలోవే. మాస్టారు వాటిని బోర్డు మీద చుక్కలు పెట్టి, కింది దాకా ఒక బాణం గీత లాగారు.

నా ఎర్రసిరా గీత మరుసటి వారం సంగతి. సందేశంలో "దేహస్పర్శం మలయపవనే దృష్టిసంభేదమిందౌ" అని ఒక శ్లోకం ఉంది. మలయమారుతంలో నీ ఒంటి స్పర్శ, చంద్రుడిలో మన చూపుల కలయిక, లోకమే మనిద్దరికీ ఒకే ఇల్లు, నేలే ఒకే పడక, చుక్కల ఆకాశమే పైన కట్టిన చాందినీ. ఇలా చూసుకుంటూ దూరమైన నీతోనే ఉంటున్నాను అంటాడు. కాళిదాసు యక్షుడు తీగల్లో ఆమె మేనినీ, చంద్రుడిలో ముఖాన్నీ, నెమలిపింఛాల్లో జుట్టునీ వెతికి, అన్నీ ఒకచోట ఎక్కడా దొరకలేదని ఏడుస్తాడు. రాముడు పోలికలు వెతకడం లేదు, ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నవి లెక్కపెట్టుకుంటున్నాడు. దీని విత్తనం యుద్ధకాండలోనే ఉంది: "వాహి వాత యతః కాంతా", ఓ గాలీ, నా ప్రియురాలున్న వైపునుంచి వీచు, ఆమెను తాకి నన్నూ తాకు.

"ప్రకృతిని రమణీయంగా" అని నేను రాసింది దీని గురించే. మలయమారుతం దక్షిణపు గాలి, అంటే సీత ఉన్న వైపునుంచే వస్తుంది. మేఘసందేశంలో యక్షుడు కౌగిలించుకున్నది హిమాలయాల నుంచి దక్షిణానికి వీచే గాలిని, ఎందుకంటే అతని భార్య ఉన్న అలక ఉత్తరాన ఉంది. ఇద్దరు విరహులకు రెండు గాలులు. తారుమారు చేస్తే రెండు శ్లోకాలూ చచ్చిపోతాయి. "మలయమారుతం వసంతంలోది కదండీ, ఇది శరత్తు కదా?" అని నేను కసి తీర్చుకోబోయాను. మాస్టారు కాసేపు ఆలోచించి, "ఋతువు వదులుకున్నాడయ్యా, దిక్కు వదులుకోలేదు" అన్నారు.

ఆ రోజు బోర్డు మీద పాత బాణం పక్కనే, కింది నుంచి పైకి ఇంకో బాణం గీశారు. దిగేది హంస, ఎక్కేది గాలి. సుద్దముక్క పక్కన పెట్టి చేతులు దులుపుకుంటుంటే వెనక బెంచీ మిత్రుడు మళ్లీ లేచాడు.

"అంటే హంస ఎదురుగాలిలో ఎగరాలాండీ?"

మాస్టారు బోర్డు వైపు తిరిగి రెండు బాణాలనూ చూశారు. గంట కొట్టారు. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నారు.