లక్ష్యం దాటిన మనిషి గురించి నాలుగు మంచి మాటలు: నా అనుభవం

వార్షిక సమీక్షల గొడవ మొన్ననే ముగిసింది. రాయగడలో ఒక ద్విచక్ర వాహనాల షోరూములో సర్వీసు విభాగం నేను చూస్తాను. సిబ్బంది సొంత అంచనాలు తీసుకోవడం, అంకెలు నింపడం, రేటింగులు వేయడం సులువుగానే తేలిపోయాయి. బండి తెచ్చినవాళ్ల ఫిర్యాదు రాసుకుని మెకానిక్కులకు అందించే మా సర్వీసు అడ్వైజరును మెచ్చుకుంటూ ఒక పేరా రాయడమే నా ప్రాణం తీసింది.

సర్వీసుకు వచ్చే బళ్లలో ఆమె లక్ష్యం నెలకు 300, ఏడాది సగటు 345 వచ్చింది. ఒకే ఫిర్యాదుతో 15 రోజుల్లోపు తిరిగొచ్చే బళ్లు నూటికి 5 మించకూడదు, మా లెక్క 3 దగ్గర ఆగింది. ఇక వివరణ ఎందుకు అనుకుంటాం కదా! పై ఆఫీసు వీడియో సమావేశంలో, మిగతా బ్రాంచీల వాళ్లంతా చూస్తుండగా, మా ప్రాంతీయ అధికారి ఆ అంకెలు చదివి నవ్వారు. "మీ పక్క సర్వీసు సెంటరు మూతపడింది. ఆ బళ్లు మీ దగ్గరికి రాక ఎక్కడికి పోతాయి? ఇందులో ఆవిడ గొప్పేముంది? రేటింగు ఒక మెట్టు దించండి" అన్నారు. ఎవరో కిసుక్కుమనడం కూడా వినిపించింది. ఏడాదిలో ఒక్కసారైనా మా షెడ్డులో అడుగుపెట్టని పెద్దమనిషి ఆయన.

మనిషి మీద ఎంత కోపమున్నా, ఆ ప్రశ్నకు కాగితం మీద జవాబు ఉండాలి. సగటును విడదీశాను. ఆ సెంటరు మూతపడింది అక్టోబరు మొదట్లో. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా మా నెల సగటు 325, అక్టోబరు నుంచి మార్చి దాకా 365. మొదటి ఆరు నెలల్లో నెలనెలా లక్ష్యం మీద సగటున వచ్చిన 25 బళ్లకూ మూతపడ్డ సెంటరుకూ సంబంధం లేదు. కాశీపురం, మునిగుడ వైపు వాళ్లు ఉచిత సర్వీసు గడువు దాటబెట్టుకుంటారు. గడువు ముగిసేలోపే ఆమె వరసగా ఫోన్లు చేసింది, అవి ఆ బళ్లే. తర్వాత పెరిగిన 40లో ఆమె వాటా ఎంతో నేను తేల్చలేను. అందుకే వాటిని మెచ్చుకోలులో కలపలేదు. వచ్చే ఏడాది లక్ష్యం పెంచుకోవాలంటే పెంచుకోండి, అది వేరే సంగతి.

పోటీ సెంటరు మూతపడితే బళ్లు వస్తాయి గానీ, అంతమాత్రాన రిపేరు సరిగ్గా జరిగిపోదు కదా. అందుకని తిరిగొచ్చిన బళ్ల జాబ్ కార్డులు ముందేసుకుని కూర్చున్నాను. మా దగ్గరికి వచ్చేవాళ్లు ఒడియా, తెలుగు, కువి మాట్లాడతారు. మెకానిక్కులు ఎక్కువమంది పార్వతీపురం వైపు వాళ్లు. మామూలుగా కార్డు మీద "ఇంజిను శబ్దం" అని రాసి బండిని లోపలికి తోసేస్తారు. ఆమె కార్డు మీద "రెండో గేరులో ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే టకటక, దిగేటప్పుడు లేదు" అని ఉంటుంది. మాట అర్థం కాకపోతే బండి యజమానిని వెనక కూర్చోబెట్టుకుని తానే ఒక చుట్టు తిరిగి వస్తుంది. ఆమె లేని రోజుల కార్డులు తీస్తే మళ్లీ అదే "ఇంజిను శబ్దం". తిరిగొచ్చిన బళ్లలో సగానికి పైగా ఆ రోజులవే!

ఫారంలో "అంకితభావం, చొరవ, కష్టపడే తత్వం" అంటూ సిద్ధంగా పెట్టిన మాటలు ఊరిలో ఎవరికైనా సరిపోతాయి. వాటి జోలికి పోకుండా ఇలా రాశాను: "పోటీ సెంటరు మూతపడక ముందే, ఉచిత సర్వీసు గడువుకు ముందు ఫోన్లు చేసి, నెలకు సగటున 25 బళ్లు అదనంగా రప్పించారు. ఫిర్యాదును యజమాని చెప్పినట్టే, ఏ గేరులో, ఏ దారిలో అన్నది సహా రాయడం వల్ల తిరిగొచ్చే బళ్లు నూటికి 3కు తగ్గాయి. ఆ కార్డులు జతచేశాను."

మెరుగుపడవలసిన అంశాల గడిలో చాలామంది ఏదో ఒకటి ఉండాలి కాబట్టి "సహనం పెంచుకోవాలి" అని పడేస్తారు. నాకు కావలసింది ఆ కార్డుల్లోనే దొరికింది. "ఈ పద్ధతి ఇంకా ఒక్కరి చేతిలోనే ఉంది. సెప్టెంబరుకల్లా రెండో అడ్వైజరు కార్డులు కూడా ఇలా ఉండాలి" అని రాశాను. సెలవు అన్న మాట మాత్రం ఎక్కడా రానివ్వలేదు. హక్కుగా తీసుకున్న సెలవును లోపంగా చదివే మహానుభావులు పై ఆఫీసులో ఉన్నారు.

ప్రాంతీయ అధికారి ఆ కార్డులు తెరిచారో లేదో గానీ, రేటింగు దించమన్న మాట మళ్లీ ఎత్తలేదు. ఆమెను కూర్చోబెట్టి చదివి వినిపించాను. మెచ్చుకున్న భాగానికి తల ఊపింది. రెండో భాగం దగ్గర ఆపింది. "సార్, నేను ఆయనకు నేర్పుతుంటే కౌంటరులో ఎవరుంటారు?" అంది. న్యాయమైన ప్రశ్నే. పొద్దున రద్దీలో కుదరదు కాబట్టి, మధ్యాహ్నం 2 నుంచి 3 దాకా కౌంటరు నేను చూస్తానని కింద ఇంకో వాక్యం చేర్చి, ఇద్దరం సంతకాలు పెట్టాం.