వేళ్ళు ఆడుతున్నాయిగా, విరగలేదులెండి

కాలు మడతపడ్డవాళ్ళందరికీ ఎవరో ఒకరు చెప్పే మాట ఇది. నాకు చెప్పింది మాత్రం వీధి చివరి క్లినిక్కులో రాత్రి డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు. కుర్చీలోంచి లేవకుండా, కాలు ముట్టుకోకుండా చెప్పాడు. ఫిజియోథెరపీ నా వృత్తి కాబట్టి ఆ మాట విని నవ్వుకోవాల్సింది, కానీ ఆ నొప్పిలో నవ్వు రాలేదు. ఇప్పుడు కాలు బాగుంది గనుక తీరిగ్గా కోప్పడగలుగుతున్నాను.

కాలివేళ్ళను కదిలించే కండరాల్లో పెద్దవి పిక్కలో ఉంటాయి. కండరాన్ని ఎముకకు కలిపే వాటి టెండన్లు చీలమండ పక్కనుంచి దిగి వేళ్ళకు అతుక్కుంటాయి. చీలమండ బయటివైపు గుబ్బ చివర విరిగినా ఆ టెండన్లు తెగవు, వేళ్ళు చక్కగా ఆడతాయి. కాబట్టి వేళ్ళు ఆడటాన్ని బట్టి ఎముక సంగతి ఏమీ తెలియదు. వాపూ అంతే. ఎముకను ఎముకతో పట్టి ఉంచే లిగమెంటు చిరిగితే అందులోని సన్నని రక్తనాళాలు తెగి పదినిమిషాల్లో కోడిగుడ్డంత ఉబ్బుతుంది. సన్నగా చిట్లిన ఎముకకు ఒక్కోసారి అంత వాపు కూడా రాదు. మడతపడ్డప్పుడు వినిపించే ‘టప్’ శబ్దం కూడా రెండింటికీ వస్తుంది.

చెన్నై పశ్చిమ మాంబళంలో నవంబరు వాన. నీళ్ళ కింద కుంగి ఉన్న ఫుట్‌పాత్ పలక మీద ఎడమ పాదం లోపలికి తిరిగింది, ఒంటి బరువంతా దాని మీదే పడింది. చీలమండ బెణుకుల్లో ఎక్కువ భాగం ఇలా పాదం లోపలికి తిరిగినప్పుడు వచ్చేవే. ముందుగా దెబ్బతినేది బయటి గుబ్బకు ముందు, కాస్త కింద ఉండే చిన్న లిగమెంటు. పడ్డచోటునుంచి లేచి కుంటుతూ ఆటో దాకా వెళ్ళగలిగాను. ఈ వివరం తర్వాత చాలా పనికొచ్చింది.

క్లినిక్కులో క్రేప్ బ్యాండేజీ కట్టారు, ఒక మాత్ర ఇచ్చారు, పంపించేశారు. భయమంతా ఆ రాత్రే. ఒంటిగంట దాటాక మెలకువ వచ్చేసరికి వేళ్ళు తిమ్మిరెక్కి, చల్లగా ఉన్నాయి. నొప్పి చీలమండ దగ్గర కాదు, పాదమంతా పగిలిపోతున్నట్టుంది. బొటనవేలి గోరు నొక్కి వదిలాను. రెండు సెకన్లలో తిరిగి రావాల్సిన ఎరుపు ఎంతకీ రాలేదు. లైటు కింద చూస్తే తప్పెక్కడో తెలిసింది. కట్టు చీలమండ దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టారు. పాదం, వేళ్ళ మొదళ్ళు వదిలేశారు. కట్టినప్పుడు వదులుగానే ఉన్న కట్టు వాపు పెరిగేకొద్దీ బిగిసి ఉరిలా తయారైంది. పైకి పోవాల్సిన నీరంతా పాదంలో నిలిచిపోయింది.

కట్టు పూర్తిగా విప్పేసి, కాలు ఎత్తులో పెట్టి వేళ్ళ రంగు చూస్తూ కూర్చున్నాను. కొన్ని నిమిషాల్లో గులాబీ రంగు వచ్చింది, తిమ్మిరి సూదులు గుచ్చినట్టై తగ్గింది. కట్టు విప్పాక కూడా రంగు రాకపోతే, తిమ్మిరి పోకపోతే, వేళ్ళు పైకి లాగినప్పుడు పిక్కలోనో పాదంలోనో భరించలేని నొప్పి వస్తే తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళాలి. మా అత్తయ్య పక్కనే కూర్చుని సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకుంది, నేను తిరుత్తణి మెట్లెక్కి వస్తానని. ఎక్కాల్సింది నేను, మొక్కింది ఆవిడ.

మర్నాడు చూసిన ఎముకల డాక్టరు గారికి నేను జీవితాంతం రుణపడి ఉంటాను. ఆయన ప్రత్యేకంగా చేసింది ఏమీ లేదు, చేత్తో నొక్కి చూశారు, అంతే. ఆయన పాటించినవి 1992లో కెనడాలోని ఒట్టావాలో ఇయాన్ స్టీల్ బృందం రాసిన నియమాలు. ఎవరికి ఎక్స్‌రే అక్కర్లేదో తేల్చడానికి ఇప్పటికీ వీటినే వాడతారు.

ముందు బయటి గుబ్బ. గుబ్బ కొసనుంచి పైకి ఆరు సెంటీమీటర్లు, అంటే నాలుగువేళ్ళు అడ్డంగా పెడితే వచ్చేదానికన్నా కొంచెం తక్కువ. అంతమేరా ఎముక వెనక అంచు వెంబడి బొటనవేలితో గట్టిగా నొక్కుకుంటూ దిగాలి. లోపలి గుబ్బకూ ఇదే పద్ధతి. గుబ్బ ముందున్న మెత్తటి గుంటలో నొప్పి లిగమెంటుది, బెణుకులో అది ఉండి తీరుతుంది. వెనక అంచు మీద, కొస మీద ఎముకే నొప్పెడితే ఎక్స్‌రే తీయాల్సిందే. చాలామంది బాగా వాచిన చోటే నొక్కి ‘అబ్బా’ అనిపించి, విరిగిందని తేల్చేస్తారు. వెనక అంచు ఎందుకంటే అక్కడ లిగమెంటు నొప్పి అంతగా అడ్డురాదు, ఎముక సంగతి విడిగా తెలుస్తుంది.

తర్వాత పాదం. చిటికెనవేలు మొదలునుంచి పాదం బయటి అంచు వెంట మడమవైపు వస్తే సగం దారిలో ఒక చిన్న బుడిపె తగులుతుంది. అది అయిదో మెటాటార్సల్ ఎముక మొదలు. పాదం లోపలికి తిరిగినప్పుడు అక్కడ అతుక్కుని ఉన్న టెండనూ, అరికాలి పట్టీ బయటి పోగూ లాగేస్తే ఎముక చివర ముక్కగా ఊడొస్తుంది. రోగి చీలమండ అంటాడు, డాక్టరు చీలమండకే ఎక్స్‌రే రాస్తాడు, బుడిపె ఆ ఫిల్ములో సరిగా పడకపోవచ్చు. ఆయన నా గుబ్బలు రెండూ నొక్కారు, ఏమీ లేదు. పాదం లోపలివైపు వంపు పైనున్న నావిక్యులర్ ఎముక నొక్కారు, ఏమీ లేదు. బుడిపె మీద వేలు పెట్టగానే ప్రాణం పోయినంత పనైంది.

చివరిది నడక. దెబ్బ తగిలిన వెంటనే ఒకసారి, డాక్టరు ముందు ఒకసారి, నాలుగడుగులు వేయగలిగారా అని చూస్తారు. కుంటినా లెక్కే. రెండుసార్లూ వేయలేకపోతేనే ఎక్స్‌రే. ఆ ఉదయం నేను అడుగు వేయలేకపోయాను గానీ, మొదట ఆటోదాకా నడిచాను కాబట్టి నడక లెక్క ప్రకారమైతే నాకు ఎక్స్‌రే అవసరం పడలేదు. అవసరపడింది బుడిపె వల్ల. పాదానికి విడిగా, ఏటవాలుగా కూడా తీయించారు. విరగలేదు. నియమాలు ఎక్స్‌రే తీయమన్నంత మాత్రాన విరిగినట్టు కాదు. తీయించుకున్నవాళ్ళలో ఎక్కువమందికి ఎముక బాగానే ఉంటుంది.

అయిదేళ్ళలోపు పిల్లలకు, తాగి ఉన్నవాళ్ళకు, షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళకు ఈ లెక్క నమ్మకూడదు. ఎముక వేలికి తగలనంత వాచినా అంతే. పాదం పక్కకు తిరిగిపోయి కనిపిస్తే నొక్కడాలు, నడిపించడాలు ఏవీ వద్దు.

కట్టు మళ్ళీ నేనే కట్టుకున్నాను. పది సెంటీమీటర్ల వెడల్పు క్రేప్ బ్యాండేజీ చాలు. పాదాన్ని పిక్కకు లంబంగా పెట్టి, వేళ్ళ మొదళ్ళలో రెండు చుట్లతో మొదలుపెట్టాలి. అక్కడినుంచి పాదం మీదుగా ఏటవాలుగా మడమ వెనక్కి, మళ్ళీ ముందుకు, ఎనిమిది అంకె ఆకారంలో చుట్టాలి. ప్రతి చుట్టూ ముందు చుట్టులో సగం కప్పాలి. మడమ దగ్గర సందు వదిలితే మర్నాటికి సరిగ్గా ఆ సందులోంచే వాపు పొడుచుకొస్తుంది. వేళ్ళ దగ్గర బిగువు కాస్త ఎక్కువగా, పైకి పోయేకొద్దీ తక్కువగా ఉండాలి. గుబ్బలకు బెత్తెడు పైన ఆపాలి. ఇందులో చాలామందికి తెలియని కిటుకొకటి ఉంది. గుబ్బ ఎత్తుగా ఉంటుంది కాబట్టి కట్టు గుబ్బకే ఒత్తుకుని, చుట్టూ ఉన్న గుంటల్ని వదిలేస్తుంది. నీరు చేరేది ఆ గుంటల్లోనే. సెంటీమీటరు మందం స్పాంజిని గుర్రపు లాడం ఆకారంలో కత్తిరించి, గుబ్బ కింది నుంచి రెండు పక్కలకూ వచ్చేలా పెట్టి, పైన కట్టు కడితే ఒత్తిడి పడాల్సినచోట పడుతుంది. కట్టాక పావుగంటకు గోరు నొక్కి చూడాలి. రాత్రి పడుకునేముందు విప్పేయాలి.

కాలు స్టూలు మీద పెట్టుకుని టీవీ చూడటం కాలు ఎత్తడం కాదు. పడుకుని, పిక్క కింద దిళ్ళు పెట్టి, పాదం గుండెకన్నా ఎత్తులో ఉంచాలి. ఐస్ తడిగుడ్డలో చుట్టి పావుగంట, ఇరవై నిమిషాలకు మించకుండా, రెండుమూడు గంటలకోసారి పెట్టాలి. అది నొప్పికే, లిగమెంటు అతకడానికి కాదు.

మాది చిత్తూరు వైపు. చెన్నైలో ఏ వీధి చూసినా పుత్తూరు కట్టు బోర్డే, అత్తయ్యకు ఆ పేరు వింటే చాలు ధైర్యం. ‘ఒకసారి కట్టించుకుంటే పోయేదేముందే’ అని మూడురోజులు నస పెట్టింది. పోయేది ఉంది. వాపు పెరుగుతున్న రోజుల్లో కదలని బిగువు కట్టు వేస్తే ఆ రాత్రి నాకు జరిగిందే మళ్ళీ జరుగుతుంది, ఈసారి విప్పుకునే వీలు కూడా ఉండదు. నూనె రాసి తోమడం, ఉప్పు కాపడం కూడా మొదటి రెండుమూడు రోజులు వద్దు, లోపల రక్తస్రావం పెరుగుతుంది. అత్తయ్య మీద కోపం రాలేదని చెప్పను. కానీ అన్ని పూటలా ఐస్ తెచ్చిపెట్టింది ఆవిడే.

నాలుగైదు రోజులకు నీలం మడమ పక్కలకూ వేళ్ళకూ దిగుతుంది. చూసి హడలిపోతారు, అది పైనుంచి జారిన పాత రక్తమే. డాక్టరు గారు నన్ను మళ్ళీ అప్పుడే రమ్మన్నారు. మొదటిరోజు నొప్పికి కండరాలు బిగుసుకుని ఉంటాయి, లిగమెంటు ఎంత చిరిగిందో పట్టి లాగి చూసినా తెలియదు. నాది సగం చిరిగింది. ప్లాస్టరు అక్కర్లేదు, పక్కలకు ఊతమిచ్చే బ్రేసు వేసుకుని, నొప్పి ఓర్చుకోగలిగినంత బరువు మోపమన్నారు. వారం దాటినా అడుగు పడకపోతే, ఎముక మీద నొప్పి అలాగే ఉంటే, మొదటి ఎక్స్‌రే బాగున్నా మళ్ళీ చూపించుకోవాలి. సన్నటి పగుళ్ళు మొదటి ఫిల్ములో దొరక్కపోవచ్చు.

మొక్కు సంగతి. తిరుత్తణిలో 365 మెట్లు. అత్తయ్య నెలకే బయల్దేరదీసింది, నేను ఒప్పుకోలేదు. నొప్పి పోయాక కూడా చీలమండకు తన స్థానం తనకు తెలిసే జ్ఞానం వెంటనే రాదు, మళ్ళీ మడతపడేది అందుకే. గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడటం, కళ్ళు తెరిచి అరనిమిషం కుదిరాక కళ్ళు మూసుకుని. తర్వాత ఒంటికాలి మునివేళ్ళ మీద లేవడం. రెండో కాలితో సమానంగా చేయగలిగినప్పుడే మెట్లు. ఎక్కడంకన్నా దిగడం కష్టం, దిగేటప్పుడు బరువంతా పాదం ముందుభాగం మీద పడి చీలమండ వదులుగా ఉంటుంది. అందుకని బ్రేసు వేసుకుని ఎక్కాను, కొండ మీదినుంచి బస్సులో దిగాను. మొక్కులో దిగే మాట లేదని అత్తయ్యే ఒప్పుకుంది.